కొత్త అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు: లింకు ఎవరికివ్వాలి, ఎప్పుడు మార్చాలి, తలుపు దగ్గర ఎవరిని అడగాలి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. బిల్డర్ దగ్గర్నుంచి నిర్వహణ ఈ నెలే మా అసోసియేషన్ చేతికి వచ్చింది. వాట్సాప్ గ్రూపు పెట్టి దాని లింకును రెండు లిఫ్టుల్లోనూ అంటిద్దామని కమిటీ వాళ్లు అంటున్నారు. అడ్మిన్‌గా నన్ను పెట్టారు. సంబంధం లేనివాళ్లు చేరకుండా, గ్రూపు దేనికోసమో అందరికీ ముందే తెలిసేలా ఈ లింకు వ్యవహారం ఎలా చూసుకోవాలి?

సమాధానం:

గ్రూపు లింకును లిఫ్టులో అంటించకండి. అక్కడ మీ నంబరుకు మెసేజ్ పంపే క్యూఆర్ కోడ్ అంటించండి. ఫ్లాట్ నంబరు చెప్పి అడిగినవారికి గ్రూపు లింకును మీరే విడిగా పంపండి. లింకు బయటికి వెళ్లకముందే కొత్తవారు అడ్మిన్ ఆమోదంతోనే చేరేలా సెట్టింగు మార్చండి, చేరికలు పూర్తయ్యాక లింకును రీసెట్ చేసి పాతది పనిచేయకుండా చేయండి. గ్రూపు ఎందుకో చెప్పే మాట గ్రూపు పేరులోనే ఉండాలి, ఎందుకంటే లింకుతోపాటు ఎక్కడికైనా తప్పకుండా వెళ్లేది ఆ పేరొక్కటే.

నేను మియాపూర్ వైపు 112 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్లపాటు సెక్రటరీగా ఉన్నాను. మొదటి గ్రూపును మీ కమిటీ అనుకుంటున్న పద్ధతిలోనే పెట్టి, పది నెలలకే మూసివేసి, రెండోసారి జాగ్రత్తగా కట్టుకున్నాం. కింద రాసినవన్నీ ఆ రెండు అనుభవాల నుంచి తెలిసినవే.

ముందుగా లింకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. వాట్సాప్ గ్రూపు లింకు ఎప్పుడూ `https://chat.whatsapp.com/` అని మొదలై, చివర అక్షరాలు, అంకెలు కలిసిన ఒక పొడవాటి కోడుతో ముగుస్తుంది. ఆ కోడును ఎవరూ ఊహించి పట్టుకోలేరు కాబట్టి ఆ వైపు నుంచి భయం లేదు. అయితే లింకు ఎవరి పేరు మీదా ఉండదు. మీరు 402 ఫ్లాటు ఓనరుకు పంపిన లింకునే ఆయన తన బావమరిదికి పంపితే, బావమరిది కూడా వాట్సాప్ దృష్టిలో పిలుపు అందుకున్నవాడే అవుతాడు. పైగా ఆ లింకుకు గడువంటూ లేదు. మీరు రీసెట్ చేసేవరకు, ఈ రోజు పంపినది రెండేళ్ల తర్వాత కూడా పనిచేస్తుంది. లింకు నొక్కినవారికి చేరకముందే గ్రూపు పేరు, ఫొటో కనిపిస్తాయి. చేరిన క్షణం నుంచి లోపలున్న అందరి ఫోన్ నంబర్లూ కనిపిస్తాయి. పాత సంభాషణలు కనిపించవు కదా అని కొందరు ధైర్యం చెబుతారు గానీ, బ్రోకర్లకు, అమ్మకందారులకు కావలసింది సంభాషణలు కావు, ఒకే చోట దొరికే ఇన్ని కుటుంబాల నంబర్లు.

లింకు ఎంత దూరం వెళ్లగలదో తెలియడానికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2020 ఫిబ్రవరిలో వేలాది వాట్సాప్ గ్రూపుల లింకులు గూగుల్ వెతుకులాటలో బయటపడ్డాయి. ఎవరో ఆ గ్రూపులను పగలగొట్టడం వల్ల అలా జరగలేదు. సభ్యులో అడ్మిన్లో తమ గ్రూపు లింకును అందరికీ కనిపించే వెబ్ పేజీల్లో పెట్టడం వల్ల అవి గూగుల్‌కు చేరాయి. అలాంటి లింకులు శోధనలో కనిపించకుండా వాట్సాప్ తర్వాత మార్పులు చేసింది. అయినా అందరూ చూసే చోట పెట్టిన లింకు అందరిదీ అవుతుందన్న విషయంలో మార్పేమీ లేదు. లిఫ్టు గోడ కూడా అలాంటి చోటే. రోజూ పాలవాడు, కొరియర్ కుర్రాడు, ఇల్లు చూడటానికి వచ్చినవాడు, వాడిని తీసుకొచ్చిన బ్రోకరు, అందరూ ఆ లిఫ్టులోనే నిలబడతారు.

మా మొదటి గ్రూపు కథ సరిగ్గా ఇదే. క్యూఆర్ కోడును నాలుగు బ్లాకుల లిఫ్టుల్లో అంటించాం, ఆమోదం సెట్టింగు పెట్టలేదు. మొదటి రెండు వారాల్లో అంతా బాగానే కనిపించింది. మూడో నెలలో ఒకాయన గ్రూపులో టూలెట్ ప్రకటన పెట్టాడు. అది మా అపార్ట్‌మెంట్ ఫ్లాటు కాదు, పక్క కాలనీలోది. ఆయన ఎవరని అడిగితే ఎవరికీ తెలియలేదు. తర్వాత చాలామంది మహిళలు తమకు ఇంటీరియర్ పనులవాళ్ల నుంచి, స్థలాలు అమ్మేవాళ్ల నుంచి వరుసగా కాల్స్ వస్తున్నాయని చెప్పారు. అప్పుడు తీరిగ్గా కూర్చుని లెక్క చూస్తే గ్రూపులో 231 మంది ఉన్నారు. ఫ్లాటుకు ఇద్దరు చొప్పున అందరూ చేరినా 224 దాటకూడదు. పైగా అప్పటికి 30 ఫ్లాట్లలో ఇంకా ఎవరూ దిగనే లేదు. అంటే లెక్కకు మించినవారు ఏ ఏడుగురో కాదు, అరవై మందికి పైనే ఉండి ఉంటారు.

లింకును వెంటనే రీసెట్ చేశాం. అయితే రీసెట్ చేయడం వల్ల ఇక ముందు వచ్చేవారు ఆగుతారు గానీ, అప్పటికే లోపలికి వచ్చినవారు బయటికి పోరు. ఈ తేడా తెలియక చాలామంది అడ్మిన్లు రీసెట్ నొక్కి నిశ్చింతగా ఉంటారు. లోపలున్నవారిని ఏరడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఎందుకంటే సభ్యుల పేర్లుగా కనిపించేవి వాళ్లు తమ ఫోన్లో పెట్టుకున్న పేర్లే. "ఓం నమః శివాయ" అని, గులాబీ పువ్వు అని, ఒక చుక్క అని కూడా ఉంటాయి. అందులో మన 305 ఫ్లాటు పెద్దావిడ ఎవరో, టూలెట్ బ్రోకరు ఎవరో తేల్చడం కష్టం. చివరికి విసిగి, గ్రూపును వదిలేసి కొత్తది పెట్టాం. అందువల్ల ఆరంభంలోనే రెండు గంటలు ఎక్కువ పెట్టుకోమని మీకు చెబుతున్నాను.

ఇక మీరు చేయవలసిన పని. గ్రూపును మొదట మీరు, కమిటీలో మరో ఇద్దరు, ఈ ముగ్గురితోనే ప్రారంభించండి. ముగ్గురూ అడ్మిన్లుగా ఉండండి, నాలుగో అడ్మిన్ వద్దు. అడ్మిన్లలో ప్రతి ఒక్కరూ కొత్తవారిని ఆమోదించగలరు, కాబట్టి ఎవరినీ అడగకుండా టిక్కు నొక్కే ఒక్క అడ్మిన్ ఉంటే మిగతా ఇద్దరి జాగ్రత్త వృథా అవుతుంది. మా కమిటీలో తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ అడ్మిన్ హోదా కావాలన్నారు. ప్రెసిడెంటు గారిని ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది.

గ్రూపు వివరాల పేజీలో `Group permissions` అనే చోట రెండు మార్పులు చేయాలి. `Add other members` అనే అనుమతిని సభ్యుల దగ్గర్నుంచి తీసివేయండి. `Approve new members` అనేదాన్ని ఆన్ చేయండి. వాట్సాప్ వెర్షన్‌ను బట్టి ఈ పేర్లలో ఒకటి రెండు మాటలు తేడాగా ఉండవచ్చు. సభ్యులు కూడా లింకుతో పిలిచే అనుమతి మీ ఫోన్లో విడిగా కనిపిస్తే దాన్నీ ఆపివేయండి. ఇవన్నీ అయ్యాకే లింకు పేజీ తెరవండి. మా అనుభవంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఈ వరుస తప్పడమే. ముందు లింకు పంపి, రాత్రికి సెట్టింగు పెడదామనుకుంటారు, ఆ నాలుగు గంటల్లో చేరినవారిని ఎవరూ అడిగి ఉండరు.

లింకు లేకుండా అందరినీ నేరుగా చేర్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 25, 30 మంది ఉన్న గ్రూపుకైతే నేనూ అదే చెప్పేవాణ్ని. 84 ఫ్లాట్లకు అది రెండు చోట్ల ఆగిపోతుంది. మొదటిది, అందరి నంబర్లనూ మీ ఫోన్లో దాచుకోవాలి. రెండోది, తనను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ప్రతివారూ ప్రైవసీ సెట్టింగులో పెట్టుకోవచ్చు. అక్కడ తమ కాంటాక్టులు మాత్రమే అని పెట్టుకున్నవారి ఫోన్లో మీ నంబరు లేకపోతే మీరు వాళ్లను చేర్చలేరు, విడిగా ఒక ఆహ్వానం మాత్రం పంపగలరు. దానికి మూడు రోజుల గడువే ఉంటుంది. ఆ మూడు రోజుల్లో చూడని పెద్దవాళ్లు ఎంతోమంది ఉంటారు.

లిఫ్టులో అంటించవలసిన క్యూఆర్ సంగతికి వస్తాను. ఎవరైనా నొక్కగానే మీ నంబరుతో సంభాషణ తెరుచుకుని, అందులో ఫ్లాట్ నంబరు రాయమనే మాట ముందే సిద్ధంగా ఉండేలా ఒక లింకు తయారుచేయవచ్చు. X లు ఉన్న చోట మీ పది అంకెల నంబరు వేయండి.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Flat%20No%3A%20%20Name%3A%20%20Owner%2FTenant%3A
```

దీన్ని ఏదైనా క్యూఆర్ తయారీ సాధనంలో పెడితే బొమ్మ వస్తుంది. నివాసి దాన్ని స్కాన్ చేసి, ఖాళీలు నింపి పంపుతారు. మీరు ఆ ఫ్లాటు వివరాలు చూసుకుని, అదే సంభాషణలో గ్రూపు లింకు ఇస్తారు. బ్రోకరు స్కాన్ చేసినా వాడికి దక్కేది మీ నంబరు ఒక్కటే, అదెలాగూ నోటీసు బోర్డులో ఉండేదే. ఇందులో మరో సౌలభ్యం కూడా ఉంది. వాళ్లే ముందు మీకు రాస్తున్నారు కాబట్టి, పరిచయం లేని నంబరు నుంచి వచ్చిన లింకేమిటి అని అనుమానించి మిమ్మల్ని రిపోర్టు చేయరు. బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టి ఒకేసారి పంపుదామనుకుంటే, మీ నంబరును తమ ఫోన్లో దాచుకున్నవారికే అది చేరుతుంది, మిగిలినవారికి వెళ్లనే వెళ్లదు.

మా రెండో గ్రూపుకు ఈ క్యూఆర్ అవసరం పడలేదు, ఎందుకంటే మెయింటెనెన్స్ రసీదు పుస్తకంలో ప్రతి ఫ్లాటుకూ ఒక నంబరు అప్పటికే ఉంది. నిర్వహణ మీ చేతికి ఈ నెలే వచ్చింది కాబట్టి, బిల్డర్ ఇచ్చిన జాబితాలో ఓనర్లు ఉంటారు గానీ అద్దెకున్నవారు ఉండరు. అందుకే మీకు క్యూఆర్ చెబుతున్నాను.

చేరికను మేము బ్లాకువారీగా నడిపాం. మొత్తం నాలుగు బ్లాకులు, బ్లాకుకు 28 ఫ్లాట్లు. శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు మొదటిదైన ఏ బ్లాకులోని 28 నంబర్లకూ ఒక్కొక్కరికి విడిగా లింకు పంపాను, దానికి నలభై నిమిషాలు పట్టింది. ఆదివారం రాత్రి వరకు గడువని అందులోనే రాశాను. ఆ రెండు రోజుల్లో 37 అభ్యర్థనలు వచ్చాయి. వాటిలో 26 రసీదు పుస్తకంలోని నంబర్లే, వాటిని చూడగానే ఆమోదించాం. మిగిలిన 11 మాకు తెలియనివి. తెలియని నంబరు వస్తే ఆ నంబరునే అడగకూడదు, ఆ ఫ్లాటుకు రసీదులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. "నేను 208 వాళ్లబ్బాయిని" అని ఎవరైనా చెప్పగలరు. 208 ఆవిడ "అవును, మా అబ్బాయే" అంటే లెక్క తేలినట్టు. అలా అడిగితే ఎనిమిది నంబర్లు భార్యవో, భర్తవో, పిల్లలవో అని తేలింది. ఒకటి బెంగళూరులో ఉంటూ ఇక్కడి ఫ్లాటును అద్దెకిచ్చిన ఓనరుగారిది, ఆయనకూ ఓటు హక్కు ఉంది కాబట్టి చేర్చాం. మరొకటి ఒక ఫ్లాటులో కబోర్డులు చేస్తున్న వడ్రంగిది. ఆ ఇంటాయన మంచి మనసుతోనే లింకు పంపారట, మిగతా ఇళ్లలో కూడా పని దొరుకుతుందని. చివరి నంబరు ఎవరిదో ఎవరూ చెప్పలేదు, అడిగినా జవాబు రాలేదు. ఈ రెండింటినీ తిరస్కరించాం. ఆ విధంగా ఏ బ్లాకు నుంచి 35 మంది చేరారు. రాని రెండు ఫ్లాట్లలో ఒకటి తాళం వేసి ఉంది, రెండోదానిలో ఒక్కరే ఉండే పెద్దాయనకు మామూలు బటన్ల ఫోను మాత్రమే ఉంది. ఆయనకు వాచ్‌మన్ చేతే కబురు పంపుతూ వచ్చాం.

ఆదివారం రాత్రి లింకును రీసెట్ చేసి, సోమవారం కొత్త లింకును బీ బ్లాకుకు ఇచ్చాం. ఇలా బ్లాకుకో లింకు మార్చడంలో ఉన్న ఉపయోగం మాకు ఆ రోజు రాత్రే తెలిసివచ్చింది. పదకొండు గంటల ప్రాంతంలో గంట వ్యవధిలోనే ఐదు కొత్త అభ్యర్థనలు వచ్చాయి. ఏ ఒక్క నంబరూ మా పుస్తకంలో లేదు. వాట్సాప్ గ్రూపుకు ఒక సమయంలో పనిచేసేది ఒక్క లింకే. అప్పటికి ఆ లింకు బీ బ్లాకులో తప్ప ఎవరి దగ్గరా లేదు కాబట్టి, అది అక్కడి నుంచే బయటికి వెళ్లిందని నిశ్చయంగా తెలిసింది. ఐదింటినీ తిరస్కరించి, వెంటనే రీసెట్ చేసి, బీ బ్లాకులో అప్పటికి చేరనివారికి మాత్రం కొత్త లింకు పంపాను. మర్నాడు ఒకావిడ తనంతట తానే ఫోన్ చేసి, తమ కిట్టీ పార్టీ గ్రూపులో పొరపాటున పడిందని చెప్పారు. ఎవరినీ నిలదీయవలసిన అవసరం రాలేదు. మీకు 84 ఫ్లాట్లే కాబట్టి బ్లాకులు లేకపోతే అంతస్తులవారీగా, మూడేసి అంతస్తులకు ఒక లింకు చొప్పున ఇవ్వవచ్చు.

ఇక్కడ టెలిగ్రామ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే లింకుల విషయంలో అది వాట్సాప్ కన్నా చాలా ముందుంది. అందులో ఒకే గ్రూపుకు ఎన్నో లింకులు ఏకకాలంలో పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి పేరు పెట్టుకోవచ్చు, ఇన్ని గంటల్లో ముగియాలని, ఇంతమందే వాడాలని పరిమితి పెట్టవచ్చు, ఏ లింకు ద్వారా ఎవరు వచ్చారో అడ్మిన్‌కు కనిపిస్తుంది. మేము అమెరికాలో ఉన్న ఓనర్లతో కలిపి దాన్ని కొన్నాళ్లు ప్రయత్నించాం. మా పెద్దవాళ్లలో సగం మంది ఆ యాప్ పెట్టుకోలేదు, అందుకే మళ్లీ వాట్సాప్‌కే వచ్చాం. మీ వాళ్లందరూ ఇప్పటికే టెలిగ్రామ్ వాడుతుంటే తప్ప మారమని నేను చెప్పను. ఒకవేళ మారితే, గ్రూపుకు పబ్లిక్ యూజర్‌నేమ్ మాత్రం పెట్టకండి. పెడితే ఆ పేరు వెతికి ఎవరైనా లింకుతో పనిలేకుండా లోపలికి రావచ్చు.

ఇప్పుడు గ్రూపు ఎందుకో ముందే తెలియజేయడం. దీన్ని చాలామంది డిస్క్రిప్షన్‌లో ఒక పెద్ద వ్యాసం రాసి సరిపెడతారు. డిస్క్రిప్షన్ రాయవలసిందే, కానీ దాన్ని చదివేవారు చేరిన తర్వాతే చదువుతారు, అదీ పదిమందిలో ఇద్దరు. లింకుకు ముందు మీరు రాసిన మాటలు కూడా నమ్మదగినవి కావు, ఎందుకంటే ఫార్వర్డ్ చేసేవారు మాటలు వదిలేసి లింకును మాత్రమే కాపీ చేస్తారు. లింకు ఎన్ని చేతులు మారినా దానితోపాటు కనిపించేది గ్రూపు పేరు. మా మొదటి గ్రూపు పేరు అపార్ట్‌మెంట్ పేరు పక్కన "ఫ్యామిలీ" అని ఉండేది. ఆ పేరు చూసి ఎవరైనా ఏమనుకుంటారు? పుట్టినరోజు శుభాకాంక్షలు, శుభోదయాలు, పచ్చళ్ల అమ్మకాలు, అన్నీ అక్కడికే వచ్చాయి. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న కబురు ఆ శుభోదయాల మధ్య కనిపించకుండా పోయేది. రెండో గ్రూపుకు అపార్ట్‌మెంట్ పేరులోని మొదటి అక్షరాలు వేసి, "నివాసులకు మాత్రమే: నీళ్లు, కరెంటు, మెయింటెనెన్స్" అని పెట్టాం. వాట్సాప్‌లో గ్రూపు పేరుకు వంద అక్షరాల వరకు చోటుంటుంది, కాబట్టి ఇబ్బంది లేదు. వడ్రంగిలాంటివారు కూడా ఈ పేరు చూసి చాలావరకు వెనక్కి తగ్గుతారు. అయితే పేరులో పూర్తి చిరునామా, ఫొటోగా గేటు బొమ్మ పెట్టవద్దు, ఎందుకంటే అవి చేరని బయటివారికి కూడా కనిపిస్తాయి.

లింకు పంపేటప్పుడు నేను రాసిన సందేశం ఇది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

> నమస్కారం. మన అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవారికి, ఓనర్లకు కొత్త గ్రూపు పెట్టాం. నీళ్లు, కరెంటు, లిఫ్టు, భద్రత, మెయింటెనెన్స్, సమావేశాల కబుర్లు మాత్రమే ఇందులో వస్తాయి. ఫ్లాటుకు ఇద్దరు చేరవచ్చు. మీ ఇంట్లో రెండోవారికి తప్ప ఈ లింకును ఎవరికీ పంపకండి. అభ్యర్థన పంపాక ఆమోదానికి ఒక రోజు పట్టవచ్చు. ఆదివారం రాత్రి తర్వాత ఈ లింకు పనిచేయదు.

"ఒక రోజు పట్టవచ్చు" అన్న మాట తప్పకుండా ఉంచండి. అది లేకపోతే చేరలేదనుకుని ఒకే మనిషి మూడుసార్లు ఫోన్ చేస్తారు, ఆ చిరాకులో ఏదో ఒక అడ్మిన్ అడగకుండానే అందరికీ టిక్కు కొట్టేస్తారు. ఇది ఊహించి చెబుతున్నది కాదు, మా ట్రెజరర్ గారు సీ బ్లాకు వంతు వచ్చినప్పుడు అలా పదకొండు మందిని ఒకేసారి లోపలికి పంపారు. అందులో ఇద్దరిని తర్వాత వెతికి తీయవలసి వచ్చింది.

డిస్క్రిప్షన్‌లో పైమాటలకు మరో రెండు విషయాలు కలపండి. అమ్మకాలు, అద్దె ప్రకటనలు, రాజకీయాలు ఇక్కడ వద్దని ఒకటి. రెండోది డబ్బు గురించి: మెయింటెనెన్స్ సొమ్మును నోటీసు బోర్డులో ఉన్న అసోసియేషన్ ఖాతాకే పంపాలని, గ్రూపులో వచ్చిన ఏ క్యూఆర్ కోడుకూ పంపవద్దని. బయటివాడు ఒకడు లోపలికి వచ్చి, సెక్రటరీ పేరు, ఫొటో పెట్టుకుని "ఈ నెల నుంచి ఈ కోడుకు కట్టండి" అని రాస్తే, రాత్రి తొమ్మిదింటికి ఎంతమంది నంబరు సరిచూస్తారు? ఆమోదం సెట్టింగు ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసివేయదు. ఎందుకంటే లోపలున్న అసలు సభ్యుడి వాట్సాప్ ఖాతానే ఎవరైనా చేజిక్కించుకుంటే లింకు గురించి మీరు పడిన శ్రమ అక్కడ పనికిరాదు. ట్రాఫిక్ చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టిన `.apk` ఫైలు ఒక సభ్యుడి నంబరు నుంచి వచ్చిందంటే సాధారణంగా జరిగింది అదే. అప్పుడు ఆ సందేశాన్ని అడ్మిన్ హోదాలో అందరికీ తొలగించి, ఆ నంబరును తాత్కాలికంగా తీసివేసి, ఆయనకు మామూలు కాల్ చేసి చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 కు ఫోన్ చేయమనండి.

చేరికలు ముగిశాక చివరిసారి రీసెట్ చేసి, ఆ కొత్త లింకును ఎవరికీ ఇవ్వకుండా వదిలేయండి. తర్వాత కొత్తగా అద్దెకు వచ్చిన కుటుంబాలు ఒకటీ రెండూ ఉంటాయి, వాళ్లను మీరే నేరుగా చేర్చుకోవచ్చు. ఆమోదం సెట్టింగును మాత్రం ఎప్పటికీ ఆపకండి.

ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవారి సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. మా దగ్గర ఏడాదికి పదిహేను, ఇరవై కుటుంబాలు మారేవి. రెండేళ్లు పట్టించుకోకపోతే నలభై మంది పాత అద్దెదారులు గ్రూపులో మిగిలిపోతారు. వాళ్లు అపరిచితులు కాకపోయినా ఇక నివాసులు కారు. అందుకని మేము సామాను బయటికి తీసుకెళ్లేటప్పుడు వాచ్‌మన్ చూపించమనే నో డ్యూస్ కాగితానికి దీన్ని జతచేశాం. ఆ కాగితం మీద సంతకం చేసిన రోజే ఆ ఫ్లాటు అద్దెదారుల నంబర్లను గ్రూపు నుంచి తీసివేసేవాణ్ని. ముందుగా ఒక మాట చెప్పి తీసివేస్తే ఎవరూ నొచ్చుకోరు. ఎవరినైనా గొడవ మీద తీసివేయవలసి వస్తే ఆ వెంటనే లింకును కూడా రీసెట్ చేయండి. ఆయన అదే నంబరుతో తిరిగి రాలేకపోయినా, పాత లింకు ఆయన ఫోన్లో ఉంటే ఇంట్లోవాళ్ల మరో నంబరుతో అభ్యర్థన పంపవచ్చు.

నెలకోసారి, మెయింటెనెన్స్ బాకీల జాబితా రాసే రోజున, గ్రూపులో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. నివాసం ఉన్న ఫ్లాట్ల సంఖ్యను రెండుతో గుణించి, బయట ఊళ్లలో ఉన్న ఓనర్లను కలిపితే వచ్చే అంకెను గ్రూపు సంఖ్య దాటకూడదు. దాటితే ఆ నెల ఎవరు చేరారో గ్రూపు సంభాషణలో వరుసగా వెనక్కి వెళ్లి చూడవచ్చు, ఎవరైనా చేరినప్పుడు అక్కడ ఒక చిన్న వరుస కనిపిస్తుంది. ఈ పని నేను ఒక పాత నోటుపుస్తకంలో రాసేవాణ్ని. ఫ్లాట్ నంబరు, రెండు ఫోన్ నంబర్లు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, అంతే. సెక్రటరీ మారినప్పుడు ఆ పుస్తకాన్ని తాళాల గుత్తితోపాటు కొత్తాయనకు అప్పగించాను.

మీ కమిటీ ఈలోపే లిఫ్టుల్లో గ్రూపు లింకు అంటించేసి ఉంటే, ముందు కాగితాలు చించడానికి పరుగెత్తకండి. ఫోను తీసి `Reset link` నొక్కండి. గోడ మీదున్న క్యూఆర్ కూడా ఆ లింకుదే కాబట్టి అదీ ఆ క్షణంలోనే ఆగిపోతుంది. తర్వాత ఆమోదం సెట్టింగు ఆన్ చేసి, అప్పటిదాకా చేరినవారిని ఫ్లాటు జాబితాతో పోల్చి చూసుకోండి. రెండు మూడు రోజులే అయితే ఆ పోలిక ఒక గంటలో ముగుస్తుంది.